ఎకరాకు నలభై ఆరు మూటలు

బళ్ళారి జిల్లా ఎమ్మిగనూరులో ఉరుకుందమ్మ మీద చాడీలు చెప్పమంటే ఊరంతా కలిసినా రెండు మాటలకు మించి చెప్పలేరు. ఒకటి, కూలోళ్ళకు పోసే టీలో చక్కెర తక్కువ వేస్తుందని. రెండు, మనిషికి కాస్త పొగడ్త పిచ్చి అని. మొదటిది ఆమె కూడా ఒప్పుకుంటుంది, చక్కెర ధర అట్లా మండుతోంది మరి. రెండోదానికి మాత్రం కస్సుమంటుంది. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆమె కొంప ముంచింది మాత్రం అదే.

పిల్లలు నిలవని ఇంట్లో ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం, అదీ అయిదో తరగతి దాకా. అందుకే ఆమె ఏం రాసినా తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో రాస్తుంది. ఈ సరిహద్దు ఊళ్ళలో అదేం వింత కాదు. సగం ఊరి పద్దులు అట్లాంటివే.

పెనిమిటి హొన్నూరుస్వామి యశ్వంతనగర్‌లో ఇనుప రాయి లారీలకు టార్పాలిన్ కట్టే పనిలో ఉన్నాడు. శనివారం సాయంత్రం ఎర్రటి దుమ్ముతో ఇంటికొస్తాడు, సోమవారం తెల్లారి వెళ్ళిపోతాడు. వ్యవసాయం ఆయనకు పట్టదు. సొంత భూమి ఎటూ లేదు. ఉన్నదల్లా చక్రధర్ వాళ్ళ మూడెకరాల వరి మడి, గుత్తకు. పండినా ఎండినా ఎకరాకు పద్నాలుగు మూటల వడ్లు భూమి గల ఆసామికి కొలిచి ఇచ్చెయ్యాలి, మిగిలింది చేసినవాళ్ళది. ఇదీ గుత్తంటే. చక్రధర్ నాయన సుబ్బరామి ఉన్నప్పుడు ఆయనే పిలిచి ఇచ్చిన భూమి అది. ఆయన పోయాక కొడుకు సండూరులో టిప్పర్లు కొని తిప్పుకుంటున్నాడు, మడి సంగతి పట్టించుకునే తీరిక అతనికి లేదు. ఏటా కోతలయ్యాక వచ్చి, తన మూటలు తూకం వేయించుకొని, తాంబూలం తీసుకొని, వచ్చే ఏటికి కూడా నువ్వే చేసుకో అని ఒక మాట అనేసి పోతాడు. కాగితం లేదు, సంతకం లేదు. పదకొండేళ్ళుగా ఆ ఒక్క మాట మీదనే ఉరుకుందమ్మ బతుకు నిలబడింది.

ఇక్కడ ఒక ఆచారం చెప్పాలి. గుత్తకు చేసేవాళ్ళు ఆసామికి ఎంత పండిందో ఉన్నదున్నట్టు చెప్పరు. రెండు మూటలు తగ్గించి చెప్తారు. పెళ్ళిచూపుల్లో పిల్ల వయసు తగ్గించి చెప్పినట్టే, దాన్ని అబద్ధం కింద ఎవరూ లెక్కెయ్యరు. ఆసామికీ ఆ సంగతి తెలుసు. విని తల ఊపుతాడు, మనసులో రెండు కలుపుకుంటాడు, పైకి ఏమీ అనడు. ఈ సర్దుబాటు మీదనే ఊళ్ళో సగం గుత్తలు గొడవ లేకుండా సాగుతున్నాయి. ఎకరాకు ముప్పై ఆరు పండితే ముప్పై నాలుగు అని చెప్పడం ఉరుకుందమ్మకు అలవాటే.

ఆమె మడికి పక్క మడి ఇంద్రసేనది. సొంత భూమి, పైగా ఎనిమిదెకరాలు. మంచివాడే కానీ నోరు ఊరుకోదు. ఆడమనిషి సేద్యం అంటే అతనికి అదో నవ్వులాట. గట్టు మీద నిలబడి, ఉరుకుందమ్మా, నీ మడిలో వరి కూడా నీ మాదిరే సిగ్గుపడి తల దించుకోనుండాదే, అని పదిమంది కూలోళ్ళ ముందర అనేవాడు. ఆమె కూడా నవ్వేసేది. నవ్వేసి, రాత్రి అన్నం తినేటప్పుడు ఆ మాటే తలుచుకునేది. పదకొండేళ్ళలో ఆమె సేద్యం బాగుందని ఒక్కరూ అనలేదు. కూలోళ్ళు కూలి అడిగారు, అంగడివాడు మందుల బాకీ అడిగాడు, చక్రధర్ మూటలు అడిగాడు. బాగా చేశావు అన్నవాళ్ళు లేరు.

కంప్లిలో రైతులంతా వాటాలు వేసుకొని పెట్టుకున్న కంపెనీ ఒకటుంది. విత్తనాలు, ఎరువులు కొంచెం చౌకగా ఇస్తుంది. అందులో గ్లోరియా అని ఒక పిల్ల పని చేస్తుంది. బళ్ళారిలో పాత మిషన్ చర్చి వాళ్ళ ఇంటి పిల్ల, చురుకైనది, రోజూ బస్సులో వస్తుంది పోతుంది. పోయినేడు కంపెనీ వాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. రైతులు తమ ఖర్చులు, పండిన మూటలు చేత్తో ఏ కాగితం మీద రాసుకున్నా సరే, దాన్ని ఫోటో తీసి పంపితే చాలు. గ్లోరియా వాటిని చూసి ఎకరాకు ఎంత పండింది, ఎంత మిగిలింది అంచనా కట్టి చెప్తుంది. ఏ విత్తనం ఎవరికి గిట్టుబాటైందో తెలిస్తే వచ్చే ఏడు ఏది తెప్పించాలో తెలుస్తుందని వాళ్ళ ఆలోచన. దానికి తోడు, అందరికన్నా ఎక్కువ పండించినవాళ్ళ పేరు కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, సభలో శాలువా కప్పుతామన్నారు.

ఆ శాలువా మాట విన్ననాడే ఉరుకుందమ్మ మనసులో పురుగు దూరింది.

డిసెంబరులో కోత మిషను వచ్చి ఒక్క పూటలో మూడెకరాలూ కోసిపారేసింది. వడ్లు పట్టా మీద పోయించి, పాత గోనె సంచుల్లో నింపించి, ట్రాక్టరులో ఆరు దఫాలుగా ఇంటికి తోలించింది. దఫాకు ఎన్ని మూటలో వీధి దీపం స్తంభానికి ఆనుకొని రాసుకుంది. ఇరవై నాలుగు, ఇరవై మూడు, ఇరవై రెండు, మళ్ళీ ఇరవై నాలుగు, ఇరవై రెండు, ఇరవై మూడు. మొత్తం నూట ముప్పై ఎనిమిది. ఆ కింద దున్నకం, నారు, నాట్లు, ఎరువు, దోమ మందు, కలుపు, కోత మిషను, ట్రాక్టరు, ఒక్కటీ వదలకుండా ఖర్చులన్నీ రాసింది. తన ఒంటి కష్టం మాత్రం రాయలేదు, దానికి ధర కట్టేవాళ్ళెవరు? అంతా కలిపి లక్షా పద్నాలుగు వేలు. ఫోను రెండు చేతులా పట్టుకొని, నీడ పడకుండా వాకిట్లోకొచ్చి ఫోటో తీసి పంపింది.

రాతలో మోసం ఏమీ లేదు. అది గుర్తుపెట్టుకోవాలి. మూటలు నూట ముప్పై ఎనిమిదే. ఐతే మూట ఎంత అనేది ఆ కాగితంలో లేదు. మా వైపు రెండు రకాల మూటలుంటాయి. కళ్ళం మూట ఒకటి, తూకం మూట ఒకటి. కళ్ళంలో నింపేది మనుషులు తలకెత్తుకొని ట్రాక్టరుకు వెయ్యాల్సిన మూట కాబట్టి నిండా దట్టించరు, మూతి వదులుగా ఉంచి కుట్టేస్తారు. అరవై రెండు కిలోలు తూగితే ఎక్కువ. పైగా మిషను కోసిన వడ్లు పచ్చివి, ఆరబెడితే తడి పోయి ఇంకా తగ్గుతాయి. తూకం మూట అంటే ఆరిన వడ్లు, కాటా మీద డెబ్భై ఐదు కిలోలు. గుత్త ఇచ్చేదీ, షావుకారుకు అమ్మేదీ, ఊళ్ళో ఎంత పండిందని అడిగితే చెప్పుకునేదీ తూకం మూటలే. ఈ తేడా ఎమ్మిగనూరులో పాలు తాగే పిల్లను అడిగినా చెప్తుంది.

గ్లోరియాకు కూడా తెలుసు. తెలియకేం. ఆమె పని చేసే తీరు చూస్తే ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. ఫోటో ఫోనులోకి ఎక్కించగానే అందులోని యాప్ అంకెలు చదివి వరసగా పెడుతుంది. కానీ తెలుగు మాట కన్నడ అక్షరాల్లో ఉంటే దానికి దిక్కు తోచదు, ఏదో ఒకటి కల్పిస్తుంది. అందుకని గ్లోరియా ఫోటో పెద్దది చేసుకొని, ఒక్కో వరస పైకి చదువుకుంటూ సరిచూస్తుంది. ఉరుకుందమ్మ కలుపు మందుకు పద్నాలుగు వందల యాభై అని రాస్తే యాప్ దాన్ని పద్నాలుగు వేల అయిదు వందలు చేసింది. మూడెకరాలకు కలుపు మందు అంతెందుకవుతుందని అనుమానపడి దిద్దింది. ట్రాక్టరు దఫాలు మళ్ళీ కూడి చూసింది. పొలం మూడెకరాలేనా అని భూమి రికార్డు, అదే పహణీ, తీసి చూసింది. ఇన్ని చూసిన పిల్ల ఫోను చేసింది.

ఆ ఫోను మాటల్లో ముందు వెనకలు అయ్యాయి. అక్కడే వచ్చింది చిక్కంతా. గ్లోరియా ముందుగా మూటకు ఎన్ని కిలోలని అడిగి ఉంటే, ఉరుకుందమ్మ పొరపాటున కూడా అబద్ధం చెప్పేది కాదు. కానీ పిల్ల సంబరంలో ముందే చెప్పేసింది. నూట ముప్పై ఎనిమిదిని మూడెకరాలతో భాగిస్తే ఎకరాకు నలభై ఆరు వస్తోందని, ఇంతవరకు వచ్చిన కాగితాల్లో ఇంద్రసేన ఎకరాకు తీసిన నలభై మూటలే ఎక్కువని, ఇప్పుడు మీదే మొదటిదక్కా అని. ఆ తరువాత అడిగింది.

"అక్కా, ఇవి తూకం మూటలే కదా? డెబ్భై ఐదు కిలోలవి?"

ఉరుకుందమ్మ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. ఎదురుగా వాకిట్లో పట్టా మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఇంద్రసేనకు నలభై. తనకు నలభై ఆరు. అదేమన్నా కోర్టా, ప్రమాణమా, ఒక అమ్మాయి ఫోనులో అడుగుతున్న మాట.

"ఆ, అవేలే పాపా," అనింది.

కంపెనీ పద్ధతి ప్రకారం ఎవరిదైనా మిగతావాళ్ళకన్నా బాగా ఎక్కువ కనిపిస్తే ఊరికెళ్ళి మూడు మూటలైనా కాటా వేసి చూడాలి. గ్లోరియాకు అది గుర్తుంది. కానీ సభ దగ్గరపడింది, బల్ల మీద ఇంకా చాలామంది ఫోటోలు మిగిలున్నాయి, ఎమ్మిగనూరు బస్సుకు గంట సేపు నిలబడాలి. ఆడమనిషి, ఇంత శుభ్రంగా ఖర్చులు రాసుకున్న మనిషి, అబద్ధమెందుకు చెప్తుందనుకుంది. అనుకొని లెక్క ముగించింది. మూట పద్దెనిమిది వందల చొప్పున నలభై ఆరుకు ఎనభై రెండు వేల ఎనిమిది వందలు. అందులో ఖర్చు ముప్పై ఎనిమిది వేలు, గుత్త మూటల విలువ ఇరవై అయిదు వేల రెండు వందలు తీసేస్తే, ఎకరాకు పంతొమ్మిది వేల ఆరు వందలు లాభం. ఆ సాయంత్రమే గ్రూపులో పెట్టింది, ఉరుకుందమ్మ ఫోటోతో సహా.

ఆ రెండు మూడు రోజులు ఆమె కాళ్ళు నేల మీద లేవు. అంగడికి పోతే అంగడివాడు లేచి నిలబడ్డాడు. బోరింగు దగ్గర పక్కీరమ్మ, ఏం ఏసినావమ్మా నీ మడికి, మాక్కూడా చెప్పరాదా, అని గడ్డం పట్టుకొని బతిమాలింది. ఇంద్రసేన గట్టు మీద ఎదురుపడి, ఈసారి జోకు వెయ్యకుండా తల గోక్కుంటూ పోయాడు. అది చూసి ఆమెకు కడుపు నిండిపోయింది. సభలో శాలువా కప్పినప్పుడు చప్పట్లు కొట్టారు. ఆ శాలువా మడత విప్పకుండా పెట్టెలో పెట్టుకుంది. తప్పు చేశాననే సంగతి ఆమెకు గుర్తు లేదని కాదు. గుర్తుంది. కానీ ఎవరి సొమ్మూ తినలేదు కదా, ఒక్కరోజు ముచ్చట తీర్చుకుంటే ఎవరికి నష్టమని సమాధానం చెప్పుకుంది.

వడ్లు ఆరాయి. తాలు ఎగరబోసింది. కాటా పెట్టించి తూచి, తూకం మూటలు కుట్టించింది. నూటా మూడున్నర వచ్చాయి. అంటే ఎకరాకు ముప్పై నాలుగున్నర. చూపుకు మడి దట్టంగా ఉన్నా ఈసారి తాలు ఎక్కువైంది. అమ్మితే అరవై రెండు వేల వంద. ఖర్చూ గుత్తా కలిపితే అరవై మూడు వేల రెండు వందలు. పంతొమ్మిది వేల లాభమని పదిమందీ అనుకుంటున్న మడిలో ఎకరాకు పదకొండు వందల నష్టం తేలింది. ఏడాదంతా వంగి నాటిన నడుముకు మిగిలింది గడ్డి వామి ఒక్కటే. పోనీలే, వచ్చే ఏడు ముప్పై ఎనిమిదైనా రాకపోదు, చేసే భూమి చేతిలో ఉంటే చాలు అనుకుంది.

చక్రధర్ తన మూటల కోసం వచ్చాడు. ఎప్పుడూ బైకు దిగకుండా మాట్లాడేవాడు, ఆ రోజు దిగి, అరుగు మీద కూర్చొని, టీ అడిగి తాగాడు. నలభై రెండు మూటలూ తూకం వేసి టెంపోకు ఎత్తించడం అయిపోయింది. ఉరుకుందమ్మ తాంబూలం పళ్ళెం తెచ్చి ముందర పెట్టింది. అతను పళ్ళెం వైపు చూడలేదు. జేబులోంచి ఫోను తీసి, గ్రూపులోని ఆమె ఫోటో చూపించాడు. అతను కూడా ఆ గ్రూపులో ఉన్నాడని ఆమెకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.

కోపంగా ఏమీ మాట్లాడలేదు. దాంతోనే ఆమెకు ఇంకా భయం వేసింది. బాగా పండించావు, నాకూ సంతోషమే అన్నాడు. టిప్పర్ల అప్పు కంతులు మోయలేకున్నానని, బయట జనం గుత్త పెంచి అడుగుతున్నారని, నాయన మాట మీద ఇన్నాళ్ళూ పెంచలేదని చెప్పుకొచ్చాడు. ఇకనుంచి ఎకరాకు పద్దెనిమిది ఇమ్మన్నాడు. పద్దెనిమిది ఇచ్చినా నీ లెక్క ప్రకారం నీకు ఎకరాకు పన్నెండు వేలు మిగులుతుంది కదా అని ఫోనులోనే కూడి తీసి చూపించాడు. లెక్కలో తప్పేమీ లేదు, మొదటి అంకె తప్ప.

ఉరుకుందమ్మ తాంబూలం పళ్ళెం పక్కకు జరిపింది. పద్దెనిమిది ఇస్తే ఈసారి లాంటి పంటకు ఎకరాకు ఎనిమిది వేలకు పైగా చేతి నుంచి పోతుంది, అది ఆమెకు నోటి లెక్క. ఇక సిగ్గు వదిలేసింది.

"అప్పా, అవి కళ్ళం మూటలప్పా. పచ్చివి. పాప అడిగితే తూకం మూటలని నోరు జారినాను. నిజంగా వచ్చింది ముప్పై నాలుగున్నరే. ఈరన్న సాక్షి."

చక్రధర్ ఆమెను చూసి నవ్వాడు. వెటకారం కాదు, పరిచయమున్న మనిషి నవ్వే నవ్వే.

"ఉరుకుందమ్మా, పదకొండేండ్లుగా నువ్వు చెప్పిన దానికి రెండు మూటలు కలుపుకొనే వింటిని. ఒక్కనాడన్నా అడిగితినా? రెండంటే సరే. ఇప్పుడు ఏకంగా పదకొండున్నర తగ్గించి చెప్తాండావు. ఇదెట్లమ్మా?"

ఆమె లోపలికి పోయింది. కాటా చీటీ తెచ్చి చూపించింది. సగం మీ ఆయన పేరు మీద వేరే అంగట్లో వేసి ఉంటావులే, అందరూ చేసేదే కదా అన్నాడు. ఇన్నేళ్ళూ తగ్గించి చెప్పినప్పుడు ఊరుకున్నవాడు, ఉన్నది చెప్పినప్పుడు నమ్మలేదు. నమ్మడానికి అతనికి దారి కూడా లేదు. గుత్తకు చేసేవాళ్ళు తక్కువ చెప్తారు అన్నది ఊరెరిగిన సంగతి, ఎక్కువ చెప్పుకొని తన గొంతు తానే కోసుకునే పిచ్చిది ఒకతె ఉంటుందని ఎవరనుకుంటారు? తాంబూలం తీసుకోకుండా, ఆలోచించుకొని చెప్పు అని లేచాడు.

మరునాడే ఆమె కంప్లికి పోయింది. గ్లోరియా బల్ల ముందర నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది.  ఆ పిల్ల వెంటనే ఫోటో తెరిచి, మూటకు అరవై రెండు కిలోలు వేసి, పచ్చి వడ్లలో నూటికి ఇరవై రెండు పాళ్ళ తడి పద్నాలుగుకు దిగితే ఎంత తగ్గుతుందో తీసివేసి చూసింది. ముప్పై నాలుగున్నర దగ్గరికే వచ్చింది. కాటా చీటీకీ ఈ లెక్కకీ అతికినట్టు సరిపోయింది. అంటే ఆ కాగితంలోని అంకెలు మొదటినుంచీ నిజమే చెబుతున్నాయి, మూటకు ఎన్ని కిలోలో సరిగ్గా పట్టుకొని ఉంటే.

"నేను వచ్చి మూడు మూటలు తూచి ఉండాల్సిందక్కా," అంది గ్లోరియా. "నాది తప్పు."

"నీదేంది పాపా. నువ్వు అడిగినావు. నేనే చెప్పలే," అనింది ఉరుకుందమ్మ.

 ఒకరి తప్పు ఒకరు తీసుకుంటే లెక్క సరిపోయేదైతే ఎంత బాగుండేది. గ్లోరియా ఆ పూటే గ్రూపులో సవరణ పెట్టింది. మూటల బరువులో పొరపాటు జరిగిందని, ఎకరాకు ముప్పై నాలుగున్నర అని, లాభం లేదని వివరంగా రాసింది. చక్రధర్‌కు ఫోను కూడా చేసి చెప్పింది. అతను మర్యాదగానే విన్నాడు. విని, ఆమె వచ్చి ఏడ్చి ఉంటుంది, మీది దయ గల మనసమ్మా అన్నాడు. గ్రూపులో ఎవరో, గుత్త పెంచుతారని తగ్గించినారు, అని రాసి పక్కన నవ్వు ముఖాలు పెట్టారు. దాని కింద ఇంకా నలుగురు నవ్వారు. మొదటి అంకెను ఏ ఆలోచనా లేకుండా నమ్మినవాళ్ళే, రెండో అంకెకు ఇన్ని కారణాలు వెతికారు.

శనివారం హొన్నూరుస్వామి ఇంటికొచ్చి అంతా విన్నాడు. కాళ్ళు కడుక్కొని, తువ్వాలుతో ముఖం తుడుచుకొని, ఒక్క మాట అన్నాడు.

"పొగిడించుకోవాలని ఉంటే నాకు చెప్పింటే సరిపోయేది కదే. నేనే పొగిడుందును."

తిట్టి ఉంటే ఆమె ఎదురు తిట్టేది, కొట్టి ఉంటే పుట్టింటికి పోయేది. ఈ మాటకు ఏం చెయ్యాలో తెలియక వంటింట్లోకి పోయి చీర కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పొగడగలడనే సంగతే ఆమెకు తోచలేదు. ఆయనకూ తోచలేదు. ఇద్దరికీ ఆ రోజే తెలిసింది.

పద్దెనిమిదికి ఆమె ఒప్పుకోలేకపోయింది. పదహారు దాకా వస్తానని చక్రధర్‌కు కబురు చేసింది, నష్టమని తెలిసే. ఆ సరికే ఆలస్యమైంది. ఇంద్రసేన పద్దెనిమిదికి ఒప్పుకొని మడి తీసుకున్నాడు. అతని లెక్క అతనికుంది. ఆడమనిషి నలభై ఆరు తీసిన మట్టి, నా చేతిలో పడితే యాభైకి తక్కువ రాదు అని హోటల్లో అందరితో అన్నాడట. చక్రధర్ ఆమె ఇంటికొచ్చి చెప్పిపోయాడు. ముఖం చూడలేక గుమ్మం బయటే నిలబడి, మనసులో పెట్టుకోగాకు, అన్నాడు. పెట్టుకోవడానికి ఆమెకు వేరే చోటేముంది?

మడి పోయాక ఆమె నాట్లకు కూలికి పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకొని లాభం లేదు. గ్లోరియా రెండుసార్లు వచ్చి చూసిపోయింది, వేరే గుత్త ఏదైనా దొరుకుతుందేమోనని కంపెనీలో వాకబు చేసింది. పదిమందిలో లెక్క దాచిన మనిషని పేరు పడ్డాక ఎవరిస్తారు? ఎక్కువ చెప్పి చెడిన మనిషికి, తక్కువ చెప్తుందనే పేరు వచ్చింది. ఇంతకన్నా అన్యాయం ఇంకేముంటుంది. ఆ పిల్ల ఇప్పుడు ఏ ఫోటో వచ్చినా ముందు మూట బరువు అడుగుతుంది, ఆ తరువాతే భాగహారం చేస్తుంది. కాస్త ఎక్కువనిపిస్తే కాటా సంచిలో వేసుకొని బస్సెక్కుతుంది. ఉరుకుందమ్మ మడికి మాత్రం ఆ కాటా ఒక పంట ఆలస్యంగా వచ్చింది.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. ఇంద్రసేన ఆ మూడెకరాలు కోయించాడు. మూటలెత్తే పనికి పిలిస్తే ఉరుకుందమ్మ కూడా పోయింది. పోకూడదనుకుంది కానీ కూలి కూలే. వడ్లు ఆరి, కాటా పడి, తూకం మూటలు తేలాక ఇంద్రసేన ముఖం వాడిపోయింది. ఎకరాకు ముప్పై అయిదు. ఎరువు ఆమెకన్నా ఎక్కువే వేశాడు, మందూ ఎక్కువే కొట్టాడు. పద్దెనిమిది మూటలు గుత్తకు పోతే చేతి సొమ్ము ఎంత పోతుందో అతనికి ఆ నిలబడిన చోటే అర్థమైంది.

కూలోళ్ళంతా నీళ్ళు తాగడానికి పక్కకు పోయినప్పుడు ఆమెను విడిగా పిలిచాడు. జోకుల మనిషి ఆ రోజు గొంతు తగ్గించి, అక్కా అన్నాడు. ఎప్పుడూ అలా పిలిచినవాడు కాదు.

"అక్కా, నీ మడి తీసుకున్నానని కోపమున్నా సరే, ఒక్క మాట చెప్పు. దీనికి నువ్వు ఏం ఏస్తాంటివి?"

ఆ ప్రశ్న కోసం ఆమె పదకొండేళ్ళు ఎదురుచూసింది. అడిగిన మనిషి కూడా సరిగ్గా ఆ మనిషే. ఆమెకు తెలిసినదంతా చెప్పింది. కింది మూల చౌడు తేలుతుందని, అక్కడ నీళ్ళు నిలవగట్టకుండా వారానికోసారి తీసెయ్యాలని, నారు ముదరకముందే నాటాలని, పొట్ట దశలో యూరియా ఆపాలని చెప్పింది. అతను ఓపిగ్గా విన్నాడు. అన్నీ విని, అవన్నీ నాకూ తెలుసక్కా, నలభై ఆరు దేంతో వచ్చిందో అది చెప్పు అన్నాడు.

"రాలేదప్పా," అనింది ఉరుకుందమ్మ. "నీకూ నాకూ పండేది ఇంతే ఈ మట్టిలో. ఆ నలభై ఆరు నా నోట్లో పండింది."

ఇంద్రసేన ఆమె ముఖంలోకి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. సరేలే, చెప్పడం ఇష్టం లేకుంటే వద్దులే, ఎవరి విద్య వాళ్ళది అని, మూటల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆమె ఆ గట్టు మీదనే నిలబడిపోయింది. ఇంద్రసేన ఇప్పుడు నిజంగానే తనను గొప్ప రైతు అనుకుంటున్నాడు. బతికినంతకాలం అనుకుంటాడు కూడా. ఊరు కూడా అట్లాగే అనుకుంటుంది. ఆమె కోరుకున్నది అదే, అడిగినదానికన్నా ఎక్కువే దొరికింది. సేద్యం చెయ్యడానికి మాత్రం జానెడు మడి లేదు. అవతల కూలోళ్ళ మేస్త్రీ పిలిస్తే, తలగుడ్డ చుట్టుకొని పోయి, మూట తలకెత్తుకుంది.